ఎత్తు పెంచిన సోఫా, ఊడిన కాలు: ఒక రిపేరు కేసు

హన్మకొండలో సోఫాలు, మంచాలు రిపేరు చేయడం నా పని. గుడ్డ మార్చడం, ఫోమ్ మార్చడం, విరిగిన ఫ్రేములు కట్టడం రోజూ ఉండేవే. ఈమధ్య కాళ్లు మార్చమని అడిగేవాళ్లు బాగా పెరిగారు. పాత పొట్టి కాళ్లు తీసేసి, బంగారు రంగు పూత ఉన్న ఇనుప కాళ్లో, పాలిష్ చేసిన కర్ర కాళ్లో బిగించమంటారు. చూడటానికి పది నిమిషాల పని. ఈ కేసులో దాన్ని నేను రెండుసార్లు చేయాల్సి వచ్చింది. మొదటిసారి తప్పు నాదే. ఎక్కడ ఏం ఆలోచించి ఆ నిర్ణయం తీసుకున్నానో, అది ఎందుకు నిలబడలేదో వరుసగా రాస్తున్నాను. ఇంటివాళ్ల పేర్లు, కాలనీ పేరు వదిలేశాను.

ఇల్లు, సోఫా, అడిగింది

అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు, నున్నటి టైల్స్ నేల. ముగ్గురు కూర్చునే సోఫా, పొడవు ఆరున్నర అడుగులు, కొని ఏడేళ్లయింది. కింద రెండంగుళాల నల్ల ప్లాస్టిక్ కాళ్లు నాలుగు. ఇంట్లో పెద్దావిడకు మోకాళ్ల నొప్పులు. "కూసుంటే లేవస్తలేదు బిడ్డా, ఎవరన్న చెయ్యిస్తెనే లేస్తున్న" అన్నది. అందుకని వాళ్లబ్బాయి ఆన్‌లైన్‌లో ఆరంగుళాల ఇనుప కాళ్లు నాలుగు తెప్పించాడు. ఒక్కో కాలి పైన ఒక బోల్టు పొడుచుకుని ఉంది, దాన్ని సోఫా కింది నట్టులోకి తిప్పితే చాలు. పాత కాళ్లు చేత్తోనే ఊడి వచ్చాయట. కొత్తవి అదే రంధ్రంలో పెట్టి తిప్పాడు.

నాకు ఫోన్ వచ్చింది ఆ తర్వాత. "అన్నా, కాలు సగం దాకా పోయి ఆగింది. ఇప్పుడు ఇటూ పోతలేదు, అటూ వస్తలేదు."

రెండు మూడు చుట్లు పోయి ఆగిందంటే

కాలు సాఫీగా రెండు మూడు చుట్లు తిరిగి, ఆ తర్వాత గట్టిపడి ఆగిందంటే నేను మొదట అనుమానించేది థ్రెడ్ సైజునే. మురికి అడ్డుపడినా, తుప్పు పట్టినా మొదటి చుట్టు నుంచే గరగరమంటుంది. సైజు తేడా అయితే మొదట మోసం చేస్తుంది.

సోఫా కాళ్లలో మనకు ఎక్కువగా ఎదురయ్యేవి రెండు సైజులు. ఒకటి ఎం8, అంటే 8 మిల్లీమీటర్ల మందం, ఒక చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు ముందుకు పోయేది. రెండోది 5/16 అంగుళం. హార్డ్‌వేర్ షాపుల్లో దీన్ని రెండున్నర సూత్ అంటారు, ఒక సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. దీని మందం 7.94 మిల్లీమీటర్లు. ఎం8 పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. తేడా అంతా చుట్టులో ఉంది. 5/16 బోల్టుకు అంగుళంలో 18 చుట్లు, అంటే ఒక్కో చుట్టుకు 1.41 మిల్లీమీటర్లు. ఎం8కు అంగుళంలో ఇరవై చిల్లర. ఒకదాని బోల్టు ఇంకోదాని నట్టులో పెడితే ఒక్కో చుట్టుకు 0.16 మిల్లీమీటర్ల తేడా పేరుకుంటూ పోతుంది. మూడు చుట్లకు అది దాదాపు అర మిల్లీమీటరు. అక్కడ ఇనుము ఇనుమును కొరుకుతుంది.

బోల్టును స్పానర్‌తో తిప్పేటప్పుడు ఆ గట్టిదనం చేతికి తెలుస్తుంది. సోఫా కాలిని తిప్పేటప్పుడు తెలియదు, ఎందుకంటే రెండంగుళాల లావు ఉన్న కాలు మొత్తం పిడిలా పట్టుకుని తిప్పుతాం. 8 మిల్లీమీటర్ల బోల్టు మీద మనం ఎంత బలం పెడుతున్నామో అంచనా ఉండదు. "కొత్తది కదా, టైట్ ఉంటది" అనుకుని ఇంకొంచెం తిప్పుతాం. ఇక్కడ జరిగింది అదే.

సోఫాను బోర్లించి చూశాను. ఇరుక్కున్న కాలిని తిప్పితే లోపల నట్టు కూడా దాంతో పాటే తిరుగుతోంది. అది టీ-నట్టు. గొట్టంలాంటి నట్టుకు ఒక వైపు రేకు చక్రం, దానికి మూడు నాలుగు పళ్లు ఉంటాయి, ఆ పళ్లు కర్రలో దిగి నట్టు తిరగకుండా పట్టుకుంటాయి. థ్రెడ్ ఇరుక్కునేసరికి ఆ బలం పళ్ల మీద పడి, అవి చుట్టూ కర్రను గీరి పట్టు వదిలేశాయి. ఇక ఎంత తిప్పినా లాభం లేదు. ముందు ఎడమ మూల దగ్గర కింది నల్ల గుడ్డను ఆరంగుళాలు విప్పి, లోపలి నుంచి రేకు చక్రాన్ని వైస్ గ్రిప్‌తో పట్టుకుని, అప్పుడు కాలిని వెనక్కు తిప్పి తీశాను. బోల్టు మీది మరలు నాలుగు చుట్ల మేర అణిగిపోయాయి.

పాత ప్లాస్టిక్ కాలి బోల్టును నా దగ్గరున్న ఎం8 బోల్టుకు ఆనించి వెలుతురుకు పట్టి చూశాను. ఒకే సైజు అయితే ఒకదాని మరల్లో ఇంకోదాని మరలు పూర్తిగా కూర్చుని మధ్యలోంచి వెలుగు రాదు. ఇక్కడ రెండు మరలు కలిసి, తర్వాతవి ఒకదానిమీదికి ఒకటి ఎక్కాయి. అంగుళంలో లెక్కపెడితే పద్దెనిమిది. సోఫాది రెండున్నర సూత్, వచ్చిన కాళ్లు ఎం8. ఇంతవరకు నా అంచనా సరిపోయింది.

నేను మొదట చేసిన పని

అప్పుడు నా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, 5/16 బోల్టు ఉన్న కాళ్లు వెతికి తేవడం. ఆరంగుళాల ఎత్తులో ఆ సైజు మా షాపుల్లో దొరకలేదు. రెండు, పాత టీ-నట్లు తీసేసి వాటి చోట ఎం8 టీ-నట్లు కొట్టడం. దీనికి నాలుగు మూలలా గుడ్డ విప్పాలి, ఎందుకంటే టీ-నట్టును ఎప్పుడూ కాలికి ఎదురు వైపు నుంచి, అంటే లోపలి నుంచి కొట్టాలి. కాలు బిగించేకొద్దీ అది కర్రలోకి ఇంకా దిగుతుంది. బయటి నుంచి కొడితే బిగించేకొద్దీ ఊడి వస్తుంది. మూడు, టీ-నట్ల జోలికి పోకుండా కింది నుంచి ప్లేట్లు బిగించడం. నాలుగు స్క్రూ రంధ్రాలు, మధ్యలో ఎం8 థ్రెడ్ ఉన్న చదరపు ఇనుప ప్లేటు ఇది. దాన్ని ఫ్రేము అడుగున స్క్రూలతో బిగించి, మధ్యలో కాలు తిప్పుతాం.

నేను మూడో దారి ఎంచుకున్నాను. ప్లేటు మూడున్నర అంగుళాల చదరం కాబట్టి బరువు వెడల్పుగా పరుచుకుంటుంది, పాడైన రంధ్రాన్ని కూడా కప్పేస్తుంది, గుడ్డ విప్పే పనీ ఉండదు అనుకున్నాను. ముందు ఎడమ మూలలో గుడ్డ విప్పినప్పుడు అక్కడ మంచి గట్టి కర్రముక్క కనిపించింది. మిగతా మూడు మూలల్లోనూ అదే ఉంటుందనుకుని అవి విప్పి చూడలేదు. ముప్పావు అంగుళం స్క్రూలతో నాలుగు ప్లేట్లూ బిగించి, కాళ్లు తిప్పి, నేనే మీద కూర్చుని అటూ ఇటూ ఊగి చూశాను. ఏమీ కదల్లేదు. పెద్దావిడ కూర్చుని, తనంతట తానే లేచింది. సంతోషంగా ఇంటికొచ్చాను.

ఐదు వారాలకు కోడలు ఫోన్ చేసింది. "అన్నా, వెనక కాలు పక్కకు ఒరిగింది. అత్తమ్మ కూసుందామంటేనే భయపడుతున్నది."

ఆవిడ కూర్చుని ఉన్నప్పుడే అది పూర్తిగా విరిగి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. పొద్దున్నే వెళ్లి, ముందుగా ఆ సోఫా మీద ఎవరూ కూర్చోకుండా గోడకు నిలబెట్టాను.

ఏది విరిగిందో చూడటం

ఊడిన కాలిని చూడగానే మార్చేయాలనిపిస్తుంది. ముందు దాన్ని అలాగే ఉంచి, ఎక్కడ పట్టు పోయిందో చూడాలి. కాలి బోల్టు వంగలేదు. ప్లేటు మధ్య థ్రెడ్ బాగుంది, కాలు ఇంకా అందులో గట్టిగానే ఉంది. ప్లేటు వంగలేదు. నాలుగు స్క్రూలలో సోఫా ముందువైపు రెండూ కర్రలోంచి బయటకు వచ్చేశాయి, వాటి మరల నిండా పీచులాంటి కర్రపొడి. గోడవైపు రెండు స్క్రూలు మాత్రం పట్టుకునే ఉన్నాయి.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలిశాయి. మొదటిది, లోపం థ్రెడ్‌లోనూ ఇనుములోనూ లేదు, కర్రలో ఉంది. రెండోది, బలం పైనుంచి కిందికి నిలువుగా వచ్చింది కాదు. నిలువు బరువు స్క్రూలను లోపలికి నొక్కుతుంది గానీ బయటకు లాగదు. ఒకవైపు స్క్రూలు మాత్రమే ఊడాయంటే కాలి అడుగును ఎవరో అడ్డంగా నెట్టినట్టు. అడుగు గోడ నుంచి దూరంగా ఆగిపోయి సోఫా గోడవైపు కదిలినా, సోఫా ముందుకు కదులుతుంటే అడుగు వెనక ఆగిపోయినా ప్లేటు ఒక అంచు మీద వాలి రెండో అంచు లేస్తుంది. ఇక్కడ లేచింది ముందువైపు అంచు. అంటే కాలి అడుగు గోడవైపుకు తోసుకుపోయింది, సోఫాను ముందుకు లాగినప్పుడు జరిగేది ఇదే.

అడిగితే కోడలు చెప్పింది. ప్లగ్ పాయింట్ సోఫా వెనక ఉంది. ఊడ్చేటప్పుడు, ఫోన్ ఛార్జింగ్ పెట్టేటప్పుడు సోఫాను ముందుకు లాగుతారు. ఒకటి రెండుసార్లు అత్తమ్మ, పిల్లాడు కూర్చుని ఉండగానే లాగారట. పాత రెండంగుళాల కాళ్లతో ఏడేళ్లు అలాగే లాగారు, ఏమీ కాలేదు. ఆ మాట మీద నేను చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే అసలు విషయం అందులోనే ఉంది.

తర్వాత నల్ల గుడ్డ మొత్తం విప్పాను. ముందు రెండు మూలల్లో గట్టి కర్రముక్కలున్నాయి. వెనక మూలల్లో లేవు. అక్కడ 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పట్టీ మాత్రమే ఉంది, నా ప్లేటులో దాదాపు సగం ఖాళీ మీద ఉంది. ఒక స్క్రూ అయితే ప్లై అంచులో పొరల మధ్యకు దిగింది, అక్కడ పట్టు ఏమాత్రం ఉండదు.

బరువు ఎంత, అడ్డబలం ఎంత

కాళ్లు అమ్మేవాళ్లు "ఒక్కో కాలు ఇన్ని కిలోలు మోస్తుంది" అని చెబుతారు. అది నిటారుగా నిలబెట్టి పైనుంచి నొక్కితే వచ్చే లెక్క. ఈ సోఫా బరువు సుమారు 45 కిలోలు. ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే ఇంకో 210 కలుపుకుందాం. మొత్తం 255, నాలుగు కాళ్లకు పంచితే ఒక్కోదానికి 64. నేల సమంగా లేకపోతే ఎదురెదురు మూలల రెండు కాళ్ల మీదే ఎక్కువ బరువు పడుతుంది, కాబట్టి దీన్ని రెట్టింపు చేసి చూసుకున్నా ఒక ఇనుప కాలికి అది పెద్ద బరువు కాదు.

అడ్డబలం సంగతి వేరు. కాలి అడుగున రబ్బరు బుష్ ఉంటే పొడి టైల్ మీద సులువుగా జారదు. మోసే బరువులో సగం దాకా అడ్డంగా లాగితే గానీ కదలదని నేను లెక్క వేసుకుంటాను. 70 కిలోలు మోస్తున్న కాలిని లాగితే అడుగున 35 కిలోల అడ్డబలం. ఇక్కడి నుంచి కాలు ఒక గడ్డపారలా పనిచేస్తుంది. అడుగున పెట్టిన బలం పైన ఎన్ని రెట్లు అవుతుందనేది కాలి ఎత్తు మీద ఆధారపడుతుంది. నా ప్లేటులో వాలే అంచు నుంచి అవతలి స్క్రూల దాకా దూరం మూడంగుళాలు. ఆరంగుళాల కాలు అంటే రెండింతలు, కాబట్టి ఆ రెండు స్క్రూల మీద కలిపి 70 కిలోల లాగుడు. అదే పాత రెండంగుళాల కాలు అయితే 35లో మూడింట రెండు వంతులు, దాదాపు 23 కిలోలు. ఏడేళ్లు నిలిచిన అలవాటు ఐదు వారాల్లో కొంప ముంచడానికి కారణం ఇది. ఎత్తు మూడింతలు పెంచి, స్క్రూల మీది లాగుడును మూడింతలు చేసి, దాన్ని అర అంగుళం కూడా లేని ప్లైలో ముప్పావు అంగుళం స్క్రూల మీద పెట్టాను. స్క్రూ కొన గాలిలోనే ఉంది.

వాళ్లబ్బాయి మంచి ప్రశ్న అడిగాడు. "అన్నా, బోల్టు సన్నగ ఉన్నదా? ఎం10 పెడితే ఆగుతదా?" చాలామంది ఇలాగే అనుకుంటారు. మామూలు ఇనుప ఎం8 బోల్టును నిలువుగా లాగితే సాగడం మొదలవడానికి దాదాపు 900 కిలోలు కావాలి. దానికంటే ఎంతో ముందే కర్ర వదిలేస్తుంది. కాబట్టి ఎం10 పెట్టినా ఇక్కడ ఒరిగేది ఏమీ లేదు.

ఒక సందర్భంలో మాత్రం బోల్టే బలహీనం అవుతుంది. కాలి పైతలం ప్లేటుకు ఆనకుండా మధ్యలో సందు ఉన్నప్పుడు. ఆనుకుని ఉంటే అడ్డంగా నెట్టినప్పుడు కాలి తలం ఒక అంచు మీద నిలబడి బోల్టును లాగుతుంది, లాగుడుకు బోల్టు బాగా ఓర్చుకుంటుంది. సందు ఉంటే బోల్టే వంగాలి. నేను లెక్క వేసి చూస్తే, సందు ఉన్న ఆరంగుళాల కాలికి ఎం8 బోల్టు వంగడం మొదలవడానికి అడుగున సుమారు ఐదు కిలోల అడ్డబలం చాలు. ఎం10 అయినా పది కిలోలే. చీపురుతో తోసినా వచ్చే బలం అది. అందుకే కాలి బోల్టు వంగిపోయిందని ఎవరైనా తెస్తే, లావు బోల్టు వేయడానికి ముందు సందు ఎందుకు వచ్చిందో చూస్తాను. చాలాసార్లు బోల్టు పొడవు ఎక్కువై, కొన పోయి లోపలి కర్రకు తగిలి ఆగిపోయి ఉంటుంది. చేతికి గట్టిగా బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ బిగిసింది కొన, తలం కాదు.

ఎత్తు గురించి మళ్లీ మాట్లాడటం

పని మొదలుపెట్టేముందు అసలు ఆరంగుళాలు ఎందుకు అని అడిగాను. ఆ ప్రశ్న మొదటిసారే అడగాల్సింది. పెద్దావిడ కుర్చీలో కూర్చున్నప్పుడు నేల నుంచి మోకాలి వెనక మడత దాకా కొలిస్తే 16 అంగుళాలు. పాత కాళ్లతో సోఫా సీటు ఖాళీగా ఉన్నప్పుడు 15న్నర ఉండేదని వాళ్లబ్బాయి ముందే కొలిచి పెట్టుకున్నాడు. ఆవిడ కూర్చుంటే అది 13కు దిగేది. అంటే మోకాళ్లు నడుము కంటే పైకి వచ్చేవి, అందుకే లేవలేకపోయేది. ఆ రెండున్నర అంగుళాల దిగుడు కాళ్లది కాదు. సీటు కింది ఎలాస్టిక్ బెల్టులు సాగిపోయాయి, ఫోమ్ మెత్తబడింది.

కాబట్టి పనిని రెండుగా విడగొట్టాను. బెల్టులు మార్చి, గట్టి ఫోమ్ వేస్తే దిగుడు ఒకటిన్నర అంగుళానికి తగ్గుతుంది, అక్కడ ఒక అంగుళం దొరుకుతుంది. మిగతా రెండంగుళాలు కాళ్లతో తెస్తే చాలు. అంటే ఆరు బదులు నాలుగంగుళాల కాళ్లు. కూర్చున్నప్పుడు ఎత్తు సరిగ్గా 16. స్క్రూల మీది లాగుడు 70 నుంచి 47కు తగ్గుతుంది. ఆన్‌లైన్‌లో కొన్న కాళ్లు వృథా అయ్యాయని వాళ్లబ్బాయి కొంచెం బాధపడ్డాడు, కానీ లెక్క చెప్పాక ఒప్పుకున్నాడు. నా మొదటి పని కూలి వెనక్కు ఇచ్చేశాను.

రెండోసారి

వెనక మూలలకు ఏం చేయాలన్నది ఆలోచించాల్సి వచ్చింది. పొడవాటి స్క్రూలు వేస్తే ప్లై మందమే 12 మిల్లీమీటర్లు, మిగతాది గాలిలోకి పోతుంది. ప్లై పైనుంచి నట్టు వేసి ఆరపార బోల్టు పెట్టవచ్చు, ఊడదు గానీ పలచటి ప్లై వంగుతూ నెమ్మదిగా పగులుతుంది. కర్రముక్కలు అమర్చడం ఒక్కటే నాకు నమ్మకంగా అనిపించింది.

సామిల్లు నుంచి టేకు తుంట తెచ్చి, నాలుగంగుళాల చదరం, ఒకటిన్నర అంగుళం మందం ఉన్న ముక్కలు కోశాను. మూలలో రెండు పట్టీలు కలిసేచోట జిగురు పూసి, ఒక్కో వైపు నుంచి రెండేసి రెండంగుళాల స్క్రూలు వేశాను. టేకు అంచుకు దగ్గరగా స్క్రూ వేస్తే చీలుతుంది, అందుకే ముందు 3 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రం వేసుకున్నాను. జిగురు ఆరడానికి ఒక రాత్రి వదిలేశాను.

ఇక్కడ ఒక చిన్న విషయం, కానీ దానిమీద చాలా ఆధారపడి ఉంది. కర్రముక్క అడుగు, ఫ్రేము పట్టీ అడుగు ఒకే మట్టంలో ఉండాలి. ముక్క కిందికి ఒక మిల్లీమీటరు పొడుచుకువచ్చినా ప్లేటు దానిమీద మాత్రమే ఆని, సోఫా బరువంతా జిగురు మీద, పక్క స్క్రూల మీద వేలాడుతుంది. రెండూ సమంగా ఉంటే ప్లేటు అంచు పట్టీ కిందికి కూడా వస్తుంది, నిలువు బరువు పట్టీ నుంచి నేరుగా ప్లేటులోకి దిగుతుంది. అప్పుడు జిగురుకు, స్క్రూలకు అడ్డబలం ఒక్కటే పని. ఒక ముక్కకు రెండుసార్లు చిత్రిక పట్టాల్సి వచ్చింది. స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి కింద వెలుగు రాకుండా ఉండేదాకా పట్టాను.

ప్లేట్లు, నాలుగంగుళాల కాళ్లు ఒకే షాపులో తీసుకున్నాను, రెండూ ఎం8. కౌంటర్ మీదే నాలుగు కాళ్లనూ నాలుగు ప్లేట్లలో వేళ్ల కొనలతో చివరిదాకా తిప్పి చూశాను. మొత్తం చేత్తో పట్టుకుంటే ఇరుకు తెలియదు, రెండు వేళ్లతో తిప్పితే వెంటనే తెలుస్తుంది. ఒక కాలు నాలుగో చుట్టు దగ్గర పట్టేసింది, పూత మరల్లో పేరుకుంది. దాన్ని మార్పించుకున్నాను.

ప్లేటు మధ్య రంధ్రానికి సరిగ్గా పైన కర్రముక్కలో 12 మిల్లీమీటర్ల రంధ్రం అంగుళం పైచిలుకు లోతున వేశాను, బోల్టు కొన దేనికీ తగలకుండా. ప్లేటుకు 8 నంబరు, ఒకటింపావు అంగుళం స్క్రూలు వేశాను. ప్లేటు మందం పోను అంగుళానికి పైగా టేకులోనే దిగింది. మట్టం కోసం పాత ముందు మూలల ముక్కలు కూడా సరిచూసి, ఒకదానికి స్క్రూలు అదనంగా వేశాను.

కాళ్లు తిప్పాక పరీక్ష కాగితంతో. కాలి పైతలానికి, ప్లేటుకు మధ్య చుట్టూరా పలచటి కాగితం దూర్చి చూస్తాను. ఎక్కడా దూరకూడదు. మూడు కాళ్లు సరిపోయాయి. నాలుగో దాంట్లో ఒక వైపు కాగితం దూరింది. విప్పి చూస్తే ప్లేటు స్క్రూ తల ఒకటి పూర్తిగా లోపలికి దిగలేదు, కాలి తలం దానిమీద ఎక్కింది. స్క్రూ గాడిని కొంచెం పెద్దది చేసి మళ్లీ బిగించాను. చాలామంది సందు పోవడానికి రబ్బరు వాషరు వేస్తారు. అది కొన్నాళ్లకు అణిగిపోయి కాలు వదులవుతుంది, అందుకే నేను వేయను.

ఆరున్నర అడుగుల పొడవుకు ముందు పట్టీ మధ్యలో ఐదో కాలు కూడా పెట్టాను, కింద తిప్పి ఎత్తు మార్చుకునే బుష్ ఉన్నది. సోఫా ఖాళీగా ఉన్నప్పుడు దాని కింద కాగితం కొద్దిగా పట్టీపట్టనట్టు ఉండేలా తిప్పి వదిలేశాను. ఇంకా పైకి తిప్పితే బరువంతా దానిమీదికే వచ్చి మూల కాళ్లు తేలతాయి, సోఫా ఊగుతుంది.

చివరగా రబ్బరు బుష్‌ల కింద మందపాటి ఫెల్టు బిళ్లలు అంటించాను. టైల్ మీద ఫెల్టు జారుతుంది, దాంతో లాగినప్పుడు అడ్డబలం తగ్గుతుంది. కానీ ఆవిడ చేతులు ఆనించి లేచేటప్పుడు సోఫా వెనక్కు జారకూడదు. అందుకే ముందు కాళ్లకే ఫెల్టు వేసి, వెనక కాళ్లకు రబ్బరే ఉంచాను. ప్లగ్ పాయింట్‌కు ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టించి, సోఫాను లాగే అవసరమే లేకుండా చేయమన్నాను. లాగాల్సి వస్తే ఎవరూ కూర్చోకుండా, ఇద్దరు చెరో కొస ఎత్తి జరపమని ఇంట్లో అందరికీ చెప్పాను.

అదే ఇంట్లో మంచం

వెళ్లేముందు మంచం కూడా చూడమన్నారు. ఐదడుగుల వెడల్పు మంచం, మధ్య పట్టీ కింద ఒకే కాలు. అది పడుకున్నప్పుడు కిర్రుమంటోంది. ప్లేటు బాగుంది, స్క్రూలు బాగున్నాయి. కాగితం పెడితే కాలి పైతలం దగ్గర హాయిగా దూరింది. ఇక్కడ కాలు 5/16, ప్లేటు కూడా 5/16, సైజు సరే. బోల్టు కొన మధ్య పట్టీ కర్రకు తగిలి ఆగింది. బోల్టును అర అంగుళం కోసి, కొన ఆకురాయితో రుద్ది, మళ్లీ తిప్పాను. సందు పోయింది, చప్పుడు పోయింది. మంచాన్ని ఎవరూ రోజూ లాగరు కాబట్టి అక్కడ కర్రముక్కల అవసరం కనిపించలేదు. మధ్య కాలు మోసేది దాదాపు నిలువు బరువే.

ఈ కేసు తర్వాత నా పనిలో మూడు మార్పులు వచ్చాయి. కాళ్లు మార్చే పని ఒప్పుకునేముందు కింది గుడ్డను నాలుగు మూలలా విప్పి చూస్తాను, దానికి పట్టే సమయం కూడా కూలిలో ముందే చెబుతాను. నా సంచిలో ఒక ఎం8 బోల్టు, ఒక 5/16 బోల్టు రంగు పూసి విడివిడిగా పెట్టుకున్నాను. ఆరంగుళాల కాళ్లు కావాలని ఎవరైనా అంటే, సోఫాను ఎవరు, ఎందుకు, ఎటు లాగుతారని అడుగుతాను.

నెల తర్వాత వెళ్లి చూశాను. కొత్త కర్ర, కొత్త స్క్రూలు మొదటి నెలలో కొంచెం సర్దుకుంటాయి. వెనక కుడి కాలు పావు చుట్టు వదులైంది, చేత్తోనే బిగించాను. మిగతా మూడింటిలో కాగితం ఎక్కడా దూరలేదు. మూడు నెలలకు మళ్లీ వెళితే ఏదీ కదల్లేదు. పెద్దావిడ సోఫాలో కూర్చునే ఉంది, నన్ను చూసి చేయి ఆనించుకుని తనే లేచింది.